మిక్సర్ నుంచి రికార్డర్‌కి లైన్ ఇస్తే సౌండ్ చిరుగుతోంది, లెవెల్ దించినా పోవడం లేదు

తెనాలి_శ్రీను
మా ఊరి రామాలయంలో నవమికి మూడు రాత్రులు హరికథ పెట్టించాం. రికార్డింగ్ పని నాది. నిన్న రాత్రి మిక్సర్ వెనక మెయిన్ అవుట్‌లో పీ38 లావు పిన్ పెట్టి, అక్కడి నుంచి నా చేతి రికార్డర్ లైన్ ఇన్‌కి సన్న ఈపీ పిన్‌తో ఇచ్చాను. దాసుగారు మామూలుగా కథ చెప్తున్నంతసేపూ శుభ్రంగా ఉంది. చిరుతలు మోగినప్పుడు, మృదంగం మీద దెబ్బ గట్టిగా పడినప్పుడు మాత్రం గుడ్డ చింపినట్టు వస్తోంది.

రికార్డర్ లెవెల్ 70 నుంచి 25కి దించాను. సౌండ్ చిన్నదైంది, చిరుగు మాత్రం అలాగే ఉంది. రికార్డర్ మీటర్ ఒక్కసారి కూడా ఎరుపు తాకలేదు. అదే నాకు అంతుపట్టడం లేదు.

ఇంకో సంగతి. కథకు ముందు మా తాతయ్య దాచుకున్న పాత హరికథ క్యాసెట్లు వేద్దామని ఇంట్లోని డెక్ తెచ్చి అదే మిక్సర్‌కి కలిపాం. అది మరీ నీరసం. ఫేడర్ పైదాకా ఎత్తితే పాట కంటే గుయ్ ఎక్కువ వినపడింది. ఒకటేమో ఎక్కువై చిరుగుతోంది, ఒకటేమో చాలడం లేదు. ఈ రాత్రి రెండో కథ ఉంది, తొందరగా ఎవరైనా చెప్పండి.

మిక్సింగ్_మూర్తి
సింపుల్ తమ్ముడూ. మిక్సర్ ప్రొఫెషనల్ లెవెల్, +4. రికార్డర్, డెక్ రెండూ ఇంటి సరుకు, −10. తేడా 14 డీబీ. మిక్సర్ మెయిన్ ఫేడర్ 14 కిందికి లాగేయ్, చిరుగు పోతుంది.

తెనాలి_శ్రీను
మూర్తిగారూ, ఆ ఫేడరే గుడి బయట బాక్సులకు కూడా. దాన్ని లాగితే వెనక కూర్చున్న వాళ్ళకి ఏమీ వినపడదు. సౌండ్ సిస్టమ్ ఆపరేటర్ అసలు ముట్టుకోనివ్వడు.

వీడియో_రమేష్
మైక్ సాకెట్‌లో పెట్టి ఉంటావు, చూసుకో. పోయినేడు ఒక పెళ్ళిలో మిక్సర్ అవుట్ తీసుకెళ్ళి కెమెరా మైక్ ఇన్‌లో పెట్టాను. మంత్రాలు మొత్తం కర్ణకఠోరం. పెళ్ళికూతురు తండ్రికి సమాధానం చెప్పలేక చచ్చాను.

తెనాలి_శ్రీను
లేదన్నా. మెనూలో లైన్ అనే పెట్టాను, ఇప్పుడే మళ్ళీ చూశాను.

కేనన్_పిన్
రమేష్ గారిది వేరే జబ్బు. మైక్ లెవెల్‌కీ లైన్ లెవెల్‌కీ మధ్య నలభై, యాభై డీబీ తేడా ఉంటుంది. అలా పెడితే మాటలు కూడా పగలాలి. శ్రీనుకి మాటలు శుభ్రంగా ఉన్నాయి, గట్టి దెబ్బలు మాత్రమే పోతున్నాయి. అంటే కొంచెమే దాటుతోంది.

లెవెల్ దించినా చిరుగు పోలేదంటే, చిరిగేది ఆ లెవెల్ కంట్రోల్ కంటే ముందే. పిన్ లోపలికి వెళ్ళగానే మొదట ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. అది పట్టగలిగిన వోల్టేజీ దాటితే అలల తలలు అక్కడే తెగిపోతాయి. చాలా చేతి రికార్డర్లలో లెవెల్ బటన్ పనిచేసేది ఆ తర్వాత. తెగిన తలల్నే అది చిన్నవి చేసి చూపిస్తుంది. మీటర్ కూడా ఆ తర్వాతిదే కాబట్టి ఎరుపు రాదు.

రెండు పనులు చెయ్. నిన్నటి ఫైల్‌ని కంప్యూటర్‌లో తెరిచి ఒక చిరుతల దెబ్బ దగ్గర బాగా జూమ్ చేసి చూడు. తర్వాత రికార్డర్ మాన్యువల్ చివరి పేజీలో లైన్ ఇన్ గరిష్ఠ లెవెల్ ఎంత రాశారో చెప్పు.

తెనాలి_శ్రీను
చూశాను. పెద్ద అలలన్నిటికీ తలలు కత్తెరతో కత్తిరించినట్టు బల్లపరుపుగా ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తులో, −9 దగ్గర. ఒక్కటీ దాన్ని దాటలేదు. లెవెల్ 70లో ఉన్న మొదటి పావుగంటలో చూస్తే అదే బల్లపరుపు ఇంకా పైన ఉంది.

మాన్యువల్‌లో: మామూలు లెవెల్ −10 డీబీవీ, గరిష్ఠం +6 డీబీవీ.

కేనన్_పిన్
ఇక అనుమానం లేదు. రికార్డర్ తనంతట తాను నిండితే బల్లపరుపు 0 దగ్గర ఉండాలి. −9 దగ్గర ఉంది, నువ్వు లెవెల్ మార్చితే దానితో పాటే కదిలింది. అంటే ముందే తెగి వచ్చింది.

+6 డీబీవీ అంటే 2 వోల్టులు. అంతకు మించి ఒక్క చుక్క పట్టదు నీ రికార్డర్.

మూర్తిగారూ, ఒక చిన్న సవరణ. తేడా 14 కాదు, 11.8. +4 పక్కన ఉన్నది డీబీయూ, −10 పక్కన ఉన్నది డీబీవీ. రెండిటికీ సున్నా ఒకచోట లేదు.

మిక్సింగ్_మూర్తి
డీబీ ఎక్కడైనా డీబీయే కదా. నాలుగులోంచి మైనస్ పది తీసేస్తే పద్నాలుగు. ఇరవై ఏళ్ళుగా ఇదే లెక్కతో నడుపుతున్నాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

రేడియో_తాతయ్య
మూర్తిగారు చెప్పింది సగం నిజం. తేడా చెప్పేటప్పుడు డీబీ ఎక్కడైనా ఒకటే. కానీ +4 అన్నప్పుడు ఎక్కడి నుంచి నాలుగు అన్నది చూడాలి. మా మేడ మీంచి నాలుగు మెట్లు, మీ మేడ మీంచి పది మెట్లు అంటే రెండూ కలిపి లెక్కకట్టలేం కదా, మేడలు ఒకే ఎత్తులో లేకపోతే.

డీబీయూలో సున్నా అంటే 0.775 వోల్టు. చూడడానికి వింత అంకె. అది టెలిఫోన్ లైన్ల కాలం నుంచి వచ్చింది. 600 ఓముల లైన్‌లో ఒక మిల్లీవాట్ పవర్ పోవాలంటే కావలసిన వోల్టేజీ అది. రేడియో స్టేషన్లు కూడా ఆ లైన్ల మీదే బతికాయి కాబట్టి అదే మాకూ కొలబద్ద అయింది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పొద్దున్నే టోన్ వేసి, వీయూ మీటర్ సున్నా మీద నిలబెట్టి, లైన్ మీద +4 వస్తోందా లేదా చూసుకోకుండా ఏ ప్రోగ్రామూ మొదలుపెట్టేవాళ్ళం కాదు.

డీబీవీలో సున్నా అంటే నేరుగా ఒక వోల్టు. రెండు సున్నాల మధ్యే 2.2 డీబీ ఉంది. మూర్తిగారి 14లోంచి అది తీసేస్తే 11.8.

కేనన్_పిన్
తాతయ్యగారు చెప్పింది వోల్టుల్లో పెడితే ఇంకా సులువు.

```
+4 dBu  = 1.228 V
-10 dBV = 0.316 V
20 × log10(1.228 / 0.316) = 11.8 dB
```

దాదాపు నాలుగింతలు. డెక్ ఇచ్చేది మిక్సర్ ఆశించేదానిలో పావు వంతు, అందుకే నీరసం. మిక్సర్ ఇచ్చేది రికార్డర్ ఆశించేదానికి నాలుగింతలు, అందుకే చిరుగు. శ్రీను రెండు కష్టాలకీ మూలం ఈ ఒక్క అంకే.

మిక్సింగ్_మూర్తి
సరే, మేడల లెక్క అర్థమైంది. 14 అని దించినా రెండు డీబీ ఎక్కువే దించాను కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదన్నమాట.

డల్లాస్_హర్ష
నా కేసు కూడా చెప్తాను. ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పవర్డ్ మానిటర్లు కొన్నాను. వాల్యూమ్ నాబ్ కాస్త తాకగానే చెవులు పగిలేవి, పాట ఆపితే స్స్స్ అని ఒకటే హిస్. మానిటర్ పాడైందని వెనక్కి పంపబోయాను. చూస్తే మానిటర్ వెనక ఒక చిన్న స్విచ్, +4, −10 అని. అది −10లో ఉంది. ఇంటర్‌ఫేస్ ఇచ్చేది +4. స్విచ్ జరిపాక హిస్ బాగా తగ్గింది, నాబ్ సగం దాకా తిప్పగలుగుతున్నాను. శ్రీనూ, నీ రికార్డర్‌కి అలాంటి స్విచ్ ఏమైనా ఉందా?

తెనాలి_శ్రీను
లేదు హర్షా. చిన్న రికార్డర్, మైక్, లైన్ అని రెండే.

కేనన్_పిన్
శ్రీనూ, ఇప్పుడు మిక్సర్ గుడిలోనే ఉందా? మల్టీమీటర్ ఉంటే కాగితం లెక్క పక్కన పెట్టి నిజంగా ఎంత వస్తోందో కొలుద్దాం. బాక్సుల ఆంప్లిఫయర్ ఆపు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 400 హెర్ట్జ్ టోన్ మిక్సర్‌కి ఇవ్వు. వెయ్యి పెట్టకు, చౌక మల్టీమీటర్లు అంత పైన ఏసీ వోల్టేజీ సరిగా చూపించవు. మిక్సర్ మీటర్ సరిగ్గా 0 మీద నిలిచేదాకా ఫేడర్ సర్దు. తర్వాత మల్టీమీటర్ ఏసీలో పెట్టి మెయిన్ అవుట్ కేనన్ సాకెట్‌లోని మూడు పిన్నుల్లో ముందు 2కీ 3కీ మధ్య, తర్వాత 2కీ 1కీ మధ్య కొలువు.

తెనాలి_శ్రీను
ఆపరేటర్‌కి టీ తాగించి ఒప్పించాను. 2, 3 మధ్య 1.22 వోల్టు. 2, 1 మధ్య 0.61. నా పీ38 మోనో కేబుల్ మీద కొలిస్తే కూడా 0.61. రెండోది సగమే ఎందుకు వచ్చింది?

కేనన్_పిన్
చాలా మంచి కొలత. 1.22 అంటే అచ్చంగా +4 డీబీయూ, మిక్సర్ మాట మీద నిలబడింది. సగం ఎందుకంటే, నీ మిక్సర్ అవుట్‌పుట్ రెండు కాళ్ళ మీద నడుస్తుంది. 2 మీద సగం, దానికి తలకిందులుగా 3 మీద సగం. రెండిటి మధ్య కొలిస్తే పూర్తి వోల్టేజీ. నువ్వు మోనో పిన్ పెట్టడంతో ఒక కాలు నేలకి కట్టేశావు, రెండో కాలు మీది సగమే రికార్డర్‌కి వెళ్తోంది. అంటే 6 డీబీ తక్కువ. అన్ని మిక్సర్లూ ఇలా ఉండవు. కొన్నిటిలో 2 మీదే మొత్తం వోల్టేజీ ఉంటుంది, 3 మీద సిగ్నల్ ఉండదు. అందుకే కొలవమన్నాను.

మిక్సింగ్_మూర్తి
అయితే శ్రీనుకి తేడా 6 డీబీయే కదా. 0.61 వోల్టు ఎక్కడ, రికార్డర్ పట్టే 2 వోల్టులు ఎక్కడ? మరి ఎందుకు చిరగాలి?

కేనన్_పిన్
మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఆ 0.61 మీటర్ 0 మీద ఉన్నప్పుడు. శ్రీనూ, నిన్న చిరుతలు మోగినప్పుడు మిక్సర్ మీటర్ ఎక్కడిదాకా వెళ్ళింది, గుర్తుందా?

తెనాలి_శ్రీను
బాగా గుర్తుంది. కథ ఊపందుకున్నాక ప్రతి దెబ్బకీ పైన ఎర్ర లైటు వెలిగింది. దాని పక్కన +15 అని రాసి ఉంది. ఆపరేటర్‌ని అడిగితే "వెలగనీ బాబూ, బాక్సులు బానే ఉన్నాయిగా" అన్నాడు.

కేనన్_పిన్
అదే. అతను చెప్పింది కూడా తప్పు కాదు, అతని దారి మొత్తం ప్రొఫెషనల్ లెవెల్, అంత ఎత్తు తట్టుకుంటుంది. నీ కేబుల్ మీద మీటర్ 0కి −2 డీబీయూ వస్తోంది. దాని మీద 15 కలిపితే +13 డీబీయూ. వోల్టుల్లో సుమారు 3.5. నీ రికార్డర్ 2 దగ్గర చేతులెత్తేస్తుంది. దాదాపు 5 డీబీ దాటిపోయింది. దాసుగారి మాటలు మీటర్ 0 చుట్టూ ఉన్నాయి కాబట్టి అవి హాయిగా పట్టాయి.

+4, −10 అనేవి రోజువారీ నడిచే ఎత్తు మాత్రమే. చిరుగు వచ్చేది వాటి మీద ఎంత ఖాళీ ఉంది అన్న దగ్గర.

సోల్డర్_బాబు
ఇక నా వంతు. సిగ్నల్‌ని తగ్గించడానికి రెండు రెసిస్టర్లతో ప్యాడ్ కట్టు. మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ వైరుకి వరసగా 10 కిలో ఓమ్. దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కి 3.3 కిలో ఓమ్. ఆ రెండూ కలిసిన చోటు నుంచి రికార్డర్‌కి. 12 డీబీ తగ్గుతుంది, రికార్డర్ ఇన్‌పుట్ భారం వల్ల ఇంకో ఒకటి రెండు పోవచ్చు, పర్లేదు. పావు వాట్ రెసిస్టర్లు ధారాళంగా చాలు, షాపులో రూపాయల్లో పని. ఈపీ పిన్ పక్కనే కట్టు, మిక్సర్ దగ్గర కట్టకు. ప్యాడ్ తర్వాత సిగ్నల్ చిన్నది, ఆ ముక్క కేబుల్ జానెడు మించకుండా ఉంటే గుయ్ పట్టదు.

వీడియో_రమేష్
12 ఏం సరిపోతుంది బాబూ, 20 కట్టుకో. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో మిక్సర్ ఉంటుంది. 3.3 బదులు 1 కిలో ఓమ్ వేస్తే 20 దాటుతుంది. పెళ్ళి అయ్యాక ఫైల్ చూసి ఏడవడం కంటే కాస్త చిన్నగా రావడం నయం.

సోల్డర్_బాబు
చిన్నగా వస్తే తర్వాత పెంచాలి, పెంచితే రికార్డర్ సొంత హిస్ కూడా పైకి వస్తుంది. హరికథలో దాసుగారు గొంతు తగ్గించి చెప్పే ఘట్టాలు ఉంటాయి, అక్కడ హిస్ వినపడుతుంది. ఈ మిక్సర్‌కి +13లోంచి 12 తీస్తే +1. రికార్డర్ హద్దు +8 చిల్లర. ఏడు డీబీ ఖాళీ ఉంది. ఇంకెందుకు?

వీడియో_రమేష్
ఆ ఆపరేటర్ ఈ రాత్రి ఇంకా పైకి లాగితే? 2 మీదే మొత్తం వోల్టేజీ ఇచ్చే మిక్సర్ తగిలితే 6 అక్కడే పోయింది. నేను 20కే ఓటు.

కేనన్_పిన్
ఇద్దరికీ కారణం ఉంది. శ్రీనుకి ఈ మూడు రాత్రులూ ఇదే మిక్సర్ కాబట్టి 12 చాలు. ఊరూరా తిరిగే రమేష్ గారికి 20 మంచిదే.

స్వరమాధురి
శ్రీనుగారూ, కేబుల్ సంగతి ఒకటి చెప్పాలి, ఈ తప్పు నేను చేశాను. మా సంగీతం క్లాసు వార్షికోత్సవానికి బజార్లో రెడీమేడ్‌గా దొరికిన కేనన్ టు స్టీరియో ఈపీ కేబుల్‌తో రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు పాట తల వెనక ఎక్కడో బోలుగా ఉంది. తల్లిదండ్రులకు పంపితే ఫోన్ స్పీకర్‌లో పిల్లల గొంతులు అసలు లేవు, హాలు గోల సన్నగా ఉంది అంతే. పైన చెప్పారే, 2 మీద ఒకటి, 3 మీద దానికి తలకిందులు అని. ఆ కేబుల్ ఒకదాన్ని ఎడమకీ, ఒకదాన్ని కుడికీ పంపింది. ఫోన్ రెండూ కలపగానే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మీరు మోనో పిన్ వాడారు కాబట్టి తప్పించుకున్నారు. ప్యాడ్ కట్టేటప్పుడు 3ని రికార్డర్ కుడి వైపు కలపకండి.

సోల్డర్_బాబు
బాగా గుర్తు చేశారమ్మా. ప్యాడ్ నుంచి వచ్చే ఒక్క వైరునే ఈపీ పిన్ కొనకీ, మధ్య రింగుకీ రెండిటికీ సోల్డర్ చెయ్ శ్రీనూ. రెండు చెవుల్లో ఒకే సౌండ్ వస్తుంది.

మాధురిగారూ, మీ పాత రికార్డింగ్ కూడా పోయినట్టు కాదు. ఒక చానెల్‌ని తలకిందులు చేసి రెండూ కలిపి చూడండి, గొంతులు వచ్చేస్తాయి.

స్వరమాధురి
నిజమా! రెండేళ్ళుగా ఆ ఫైల్ తెరవడమే మానేశాను. ఈ రాత్రే చూస్తాను.

తెనాలి_శ్రీను
రాత్రి కథ అయింది. ప్యాడ్ సాయంత్రం కట్టాను, 10 కిలో, 3.3 కిలో. ఒక అగ్గిపెట్టెలో ఇమిడిపోయింది. ఆపరేటర్ మళ్ళీ ఎర్ర లైటు వెలిగిస్తూనే ఉన్నాడు. నా రికార్డర్‌లో లెవెల్ 60 పెడితే గట్టి దెబ్బలు −7 దాకా వెళ్ళాయి. ఇంటికి రాగానే జూమ్ చేసి చూశాను. తలలన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఒక్కో దెబ్బ ఒక్కో ఎత్తు. మృదంగం గట్టిగా వాయించాక తాళం తగ్గుతూ వచ్చే చోట దాని ఎడమ మూత మీది గుమికి కూడా స్పష్టంగా వినపడుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డెక్ సంగతి కూడా కొంత నయం. ఆపరేటర్‌ని అడిగి మిక్సర్‌లో టేప్ ఇన్ అని ఉన్న ఆర్‌సీఏ సాకెట్లలోకి మార్చాం. ఇప్పుడు ఫేడర్ సగంలోనే సరిపడా వస్తోంది.

కేనన్_పిన్
సంతోషం. ఆ సాకెట్లు −10 కోసమే పెట్టినవి, లోపలే దాదాపు నాలుగింతలు పెంచుకుంటాయి. అవి లేని మిక్సర్ అయితే చానెల్ లైన్ ఇన్‌లో పెట్టి, ఫేడర్ ముట్టుకోకుండా పైన గెయిన్ నాబ్‌తో 12 డీబీ పెంచాలి. ఫేడర్ ఆఖర్లో ఉంటుంది, లోటు పడింది మొదట్లో కాబట్టి పూడ్చాల్సింది కూడా మొదట్లోనే.

గుయ్ పోయిందా?

తెనాలి_శ్రీను
తగ్గింది, పోలేదు. డెక్ గర్భగుడి పక్క గదిలో ఉంది, మిక్సర్ దాకా ఎనిమిది మీటర్ల ఆర్‌సీఏ కేబుల్. ప్లగ్ కూడా వేరే బోర్డులో.

రేడియో_తాతయ్య
బాబూ, అది లెవెల్ గొడవ కాదు, గ్రౌండ్ గొడవ. 0.3 వోల్టు సిగ్నల్‌ని మామూలు వైరులో అంత దూరం నడిపించకు. డెక్ తీసుకొచ్చి మిక్సర్ పక్కనే పెట్టు, అదే బోర్డులో ప్లగ్ పెట్టు.

మిక్సింగ్_మూర్తి
నేనైతే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతాను. డెక్ ఎక్కడున్నా గుయ్ రాదు.

రేడియో_తాతయ్య
మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఒప్పుకుంటాను. చౌకవి మృదంగం అడుగు స్వరాన్ని మింగేస్తాయి.

తెనాలి_శ్రీను
ఈ రాత్రి డెక్ జరిపి చూస్తాను. మొదటి రాత్రి ఫైల్ బాగుచేసే దారి ఏమైనా ఉందా? ఆ రోజు కథ సీతాకల్యాణం, మా అమ్మ అదే అడుగుతోంది.

స్వరమాధురి
Audacityలో Clip Fix అని ఒక ఎఫెక్ట్ ఉంది, తెగిన తలల్ని అంచనాతో కలుపుతుంది. వేసేముందు తలలు ఏ ఎత్తులో తెగాయో చూసుకోవాలి. −9 దగ్గర తెగిన భాగాన్ని ఒకటిగా తీసుకుని వెయ్యండి. మొదటి పావుగంటని విడిగా చేసుకోవాలి, అక్కడ తెగిన ఎత్తు వేరు కదా. పొట్టి దెబ్బలు బానే బాగవుతాయి. వరసగా చిరిగిన చోట నాకు పెద్దగా రాలేదు.

నా ఫైల్‌లో ఒక చానెల్ తలకిందులు చేశాను. పిల్లల గొంతులు అన్నీ ఉన్నాయి!

తెనాలి_శ్రీను
కల్యాణ ఘట్టం వరకు చేసి చూశాను. చిరుతలు దాదాపు బాగయ్యాయి. తలంబ్రాల దగ్గర అందరూ కలిసి వాయించిన రెండు నిమిషాలు మాత్రం ఇంకా గరగర ఉంది. అమ్మ అంతా విని, "ఆ రెండు నిమిషాలు నాకు నోటికొచ్చు, ఉంచు" అంది. మూడో రాత్రి అయ్యాక గుయ్ సంగతి రాస్తాను.